కిలోల లెక్కా, పీసుల లెక్కా? గల్ఫ్‌కు నప్పే టికెట్ అమెరికాకు ఎందుకు నప్పదు

2024 ఆగస్టులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ యూఏఈ రూట్లలో ఉచిత చెక్-ఇన్ సామానును 30 కిలోల నుంచి 20 కిలోలకు తగ్గించినప్పుడు గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇళ్లలో పెద్ద చర్చే జరిగింది. కొన్ని నెలలకే, 2025 జనవరిలో, గల్ఫ్ దేశాలకు మళ్లీ 30 కిలోలు చేశారు. పది కిలోలు పోయాయి, పది కిలోలు వచ్చాయి అని అందరూ లెక్క కట్టుకున్నారు. ఈ చర్చలో పక్కకు పోయిన ప్రశ్న ఒకటుంది. విమాన సంస్థ మన సామానును అసలు దేనితో కొలుస్తోంది? కిలోలతోనా, బ్యాగుల సంఖ్యతోనా?

గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ఇప్పుడు విలువ పెరిగింది. ఒకప్పుడు ఇక్కడి నుంచి విమానం ఎక్కడమంటే దుబాయ్‌కో, సౌదీకో పనికి పోవడమే. ఇప్పుడు ఒకే ఇంట్లో మూడు రకాల ప్రయాణాలు కనిపిస్తున్నాయి. సింగరేణిలో రిటైరైన తండ్రి తల్లితో కలిసి ఉమ్రాకు పోతాడు. పెద్ద కొడుకు రియాద్‌లో పని చేస్తుంటాడు. చిన్నవాడో, బిడ్డో ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతారు. ముగ్గురికీ ఒకే ఏజెంటు టికెట్ తీస్తాడు, ముగ్గురూ అడిగేది ఒకే మాట: "ఎన్ని కిలోలు ఇస్తారు భాయ్?" ఆ ఒక్క మాటతో మూడు ప్రయాణాలకూ సరైన జవాబు రాదు.

రెండు లెక్కల మధ్య తేడా

మొదటిది బరువు లెక్క. టికెట్ మీద 30 కిలోలు అని ఉంటే మొత్తం సామాను తూకం 30 దాటకూడదు. దాన్ని ఒక పెద్ద సూట్‌కేసులో పెట్టినా, ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టెగా చేసినా మొత్తమే చూస్తారు. ఒకే పీఎన్ఆర్ మీద కలిసి పోయే కుటుంబానికి చాలా సంస్థలు తూకం కలిపి చూస్తాయి. భర్త బ్యాగు 34, భార్య బ్యాగు 24 అయితే మొత్తం 58. ఇద్దరికీ కలిపి 60 ఉంది కాబట్టి అదనపు రుసుము పడదు. కానీ ఏ ఒక్క బ్యాగూ 32 కిలోలు మించకూడదన్నది దాదాపు అన్ని సంస్థల నియమం. బ్యాగులు ఎత్తే కార్మికుల నడుము కోసం పెట్టిన హద్దు అది. డబ్బు కడతామన్నా ఒప్పుకోరు. కాబట్టి ఆ 34 కిలోల బ్యాగులోంచి రెండు కిలోలు తీసి రెండో దాంట్లో వేయాల్సిందే.

రెండోది పీసు లెక్క. ఇక్కడ ముందు బ్యాగులు ఎన్నో లెక్కిస్తారు, తర్వాత ఒక్కో బ్యాగు బరువు చూస్తారు, ఆ తర్వాత సైజు చూస్తారు. ఎకానమీలో మామూలుగా ఒక్కో బ్యాగుకు 23 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు దాటకూడదు. ఈ లెక్కలో ఒక బ్యాగులో మిగిలిన చోటు ఇంకో బ్యాగుకు పనికిరాదు. ఒకటి 26, ఇంకొకటి 20 ఉంటే మొత్తం 46 కిలోలే కదా అని వాదించినా లాభం లేదు. 26 కిలోల బ్యాగు ఓవర్‌వెయిట్ కిందికే వస్తుంది.

టికెట్ మీద దీన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఈ-టికెట్‌లో ప్రతి విమానం వివరాల పక్కన సామాను గడి ఉంటుంది. అక్కడ `30K` లేదా `30KG` అని ఉంటే బరువు లెక్క. `1PC` లేదా `2PC` అని ఉంటే పీసు లెక్క. ఈ చిన్న అక్షరాలు చూడకుండా ధర ఒక్కటే చూసి టికెట్ తీస్తే, ఆ తేడా శంషాబాద్ కౌంటర్ దగ్గరో, జెద్దా కౌంటర్ దగ్గరో బయటపడుతుంది.

ఉమ్రా: పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు

ఉమ్రాకు పోయే దంపతులను ఉదాహరణగా తీసుకుందాం. పోయేటప్పుడు ఇహ్రాం, నాలుగు జతల బట్టలు, మందులు, కొంత తినే సామాను. ఇద్దరివీ కలిపి 28 కిలోలు మించవు. ఏ టికెట్ అయినా సరిపోతుంది. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంటుంది. బంధువులకు, వాడకట్టు వాళ్లకు ఖజూర్, జానిమాజ్‌లు, తస్బీలు, అత్తర్లు, పిల్లలకు బట్టలు. ఒక బ్యాగు 27, ఇంకొకటి 29 కిలోలు అయ్యాయనుకుందాం. మొత్తం 56.

టికెట్ మీద ఇద్దరికీ `30K` ఉంటే ఇబ్బంది లేదు. 60 లోపే ఉంది, ఏ బ్యాగూ 32 దాటలేదు. ఇద్దరికీ `1PC` ఉంటే రెండు బ్యాగులూ 23 దాటాయి కాబట్టి రెండింటికీ రుసుము పడుతుంది. ఇద్దరికీ `2PC` ఉంటే నాలుగు బ్యాగుల దాకా తీసుకురావచ్చు. మక్కాలోనే ఇంకో మామూలు బ్యాగు కొని సామానును మూడుగా సర్దితే ఒక్కోటి 19 కిలోల లోపే వస్తుంది, పైసా కట్టక్కర్లేదు. అంటే అదే 56 కిలోలు ఒక టికెట్ మీద ఉచితం, ఇంకో టికెట్ మీద డబుల్ రుసుము, మూడో దాని మీద ఒక బ్యాగు కొంటే ఉచితం.

సౌదియా పీసు లెక్కన నడిచే సంస్థ. టికెట్ రకాన్ని బట్టి ఒక పీసో, రెండు పీసులో వస్తాయి. గల్ఫ్‌కు నడిచే మన దేశపు తక్కువ ధర సంస్థలు ఎక్కువగా కిలోల్లో చెబుతాయి. ఉమ్రా ప్యాకేజీలో టికెట్ ఏజెంటు చేతిలో ఉంటుంది, ప్యాకేజీ ధర తగ్గించడానికి ఒక పీసు టికెట్ పెట్టే వీలు ఉంటుంది. "ఏ ఫ్లైట్?" అని అడిగి ఊరుకోకుండా "రిటర్న్‌లో ఒక పీసా, రెండు పీసులా, కిలోలా?" అని అడగడం అందుకే అవసరం. పోయే విమానం ఒక సంస్థది, వచ్చే విమానం ఇంకో సంస్థది అయితే రెండు వైపులా విడివిడిగా అడగాలి.

జమ్‌జమ్ సంగతి

ఈ లెక్కలో జమ్‌జమ్ ఒక ప్రత్యేకమైన అంశం. ఐదు లీటర్ల డబ్బా అంటే నీళ్ల బరువే ఐదు కిలోలు, ప్యాకింగుతో ఇంకాస్త ఎక్కువ. హజ్ కమిటీ ద్వారా పోయే హాజీలకు మామూలుగా జమ్‌జమ్‌ను ఇక్కడి విమానాశ్రయంలో దిగాక ఇస్తారు కాబట్టి వాళ్ల సామాను లెక్కతో దానికి సంబంధం ఉండదు. ఉమ్రా ప్రయాణికుడు మాత్రం తనే తెచ్చుకోవాలి. కొన్ని సంస్థలు ఒక్కొక్కరికి ఒక ఐదు లీటర్ల డబ్బాను ఉచిత సామానుకు అదనంగా ఒప్పుకుంటాయి. కొన్ని దాన్ని ఉచిత సామానులోనే కలుపుతాయి. కలిపితే బరువు లెక్కలో ఐదారు కిలోలు తగ్గుతాయి. పీసు లెక్కలో అయితే ఒక పీసే పోతుంది. `1PC` టికెట్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్ ప్రయాణికులకు దీని మీద ఒక చేదు అనుభవం ఉంది. 2019 జులైలో జెద్దా నుంచి హైదరాబాద్ మీదుగా ముంబై పోయే ఏఐ 966లో, జెద్దా–కొచ్చి మధ్య నడిచే ఏఐ 964లో జమ్‌జమ్ డబ్బాలు తీసుకురావద్దని జెద్దాలోని ఎయిర్ ఇండియా విభాగం నోటీసు ఇచ్చింది. విమానాలు మారాయి, సీట్లు తగ్గాయి అన్నది చూపిన కారణం. గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే సంస్థ వెనక్కి తగ్గింది. అనుమతించిన సామాను పరిమితి లోపల జమ్‌జమ్ తీసుకురావచ్చని చెప్పి, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామంది. ఈ ఘటనలో తెలుసుకోవలసింది ఆ "పరిమితి లోపల" అన్న మాటే. విమానం చిన్నదైతే కింది అరలో చోటూ తక్కువే, మోయగల బరువూ తక్కువే. ఆ ఒత్తిడి ముందు పడేది అదనంగా ఇచ్చే వస్తువుల మీదే. పరిమితి లోపల ఉన్న సామానుకు మాత్రం టికెట్ హక్కుగా నిలుస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సూట్‌కేసు లోపల బట్టల మధ్య జమ్‌జమ్ సీసాలు పెట్టడాన్ని సౌదీ విమానాశ్రయాలు ఒప్పుకోవు. అధికారిక కేంద్రాల్లో అమ్మే, పెట్టెలో ప్యాక్ చేసిన ఐదు లీటర్ల డబ్బానే తీసుకోవాలి.

గల్ఫ్ నుంచి ఇంటికి: అట్టపెట్టెల లెక్క

రియాద్ నుంచో, దుబాయ్ నుంచో రెండేళ్లకు ఇంటికొచ్చే వాడి సామాను వేరుగా ఉంటుంది. ఒక సూట్‌కేసు 18 కిలోలు, కంబళ్లు కట్టిన మూట 6 కిలోలు, చిన్న టీవీ పెట్టె 6 కిలోలు. మొత్తం 30. ఇలాంటి తీరు తెన్నూ లేని సామానుకు బరువు లెక్కే మేలు, మూడు వస్తువులూ కలిసి 30 కిలోల్లో సరిపోతాయి. కానీ తక్కువ ధర సంస్థల్లో చాలావాటికి కిలోల హద్దుతో పాటు "ఇన్ని బ్యాగులే" అన్న హద్దు కూడా ఉంటుంది. 30 కిలోలు ఇచ్చి, అవి ఒకటో రెండో బ్యాగుల్లోనే ఉండాలంటారు. అప్పుడు తూకం సరిగ్గా ఉన్నా మూడో వస్తువుకు డబ్బు కట్టాలి. పేరుకు కిలోల టికెట్టే, లోపల మాత్రం పీసుల షరతు. టికెట్ కింద ఉండే నిబంధనల్లో ఈ మాట వెతకాలి.

అదే వ్యక్తికి `2PC` టికెట్ ఉంటే 46 కిలోలు వస్తాయి, ఎక్కువే. కంబళ్లను సూట్‌కేసుతో కలిపి ఒక పెద్ద బ్యాగులో సర్దుకుంటే అది 23 కిలోలు దాటకుండా చూసుకోవడం కష్టం కాబట్టి, కొన్ని బట్టలు చేతిబ్యాగులోకి మార్చాలి. రెండో పీసు టీవీ. ఇక్కడ సైజు అడ్డొస్తుంది. 32 అంగుళాల టీవీ పెట్టె కొలతలు మూడూ కలిపితే ఇంచుమించు 150 సెంటీమీటర్ల దగ్గర ఉండి గట్టెక్కవచ్చు. 43 అంగుళాల టీవీ పెట్టె 158 ఎప్పుడో దాటేస్తుంది. బరువు పది కిలోలే ఉన్నా ఓవర్‌సైజ్ రుసుము పడుతుంది. టేపుతో పెట్టెను కొలిచి, మూడు కొలతలూ కూడితే ఇది షాపులోనే తెలిసిపోతుంది.

మూటలకు, తాళ్లతో కట్టిన గుండ్రటి సామానుకు ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. దుబాయ్ విమానాశ్రయం 2017 మార్చి నుంచి కనీసం ఒక వైపైనా చదునుగా లేని బ్యాగులను తీసుకోవడం ఆపింది. గుండ్రటి మూటలు బెల్టు మీద దొర్లి యంత్రాలను ఆపేస్తున్నాయన్నది కారణం. జెద్దాలోనూ తాళ్లతో కట్టినవాటిని, గుడ్డ చుట్టినవాటిని ఒప్పుకోరు. తూకం ఎంత సరిగ్గా ఉన్నా ఇలాంటి మూటను అక్కడికక్కడే పెట్టెలోకి మార్చి ప్యాక్ చేయించాలి. దానికి వేరే ఖర్చు.

అమెరికా: ఇక్కడ పీసుదే పైచేయి

అమెరికా, కెనడా రూట్లలో దశాబ్దాలుగా పీసు లెక్కే నడుస్తోంది. మిగతా చోట్లకు కిలోల్లో ఇచ్చే ఎమిరేట్స్, ఖతర్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థలు కూడా అమెరికా టికెట్ అయితే పీసుల్లోకి మారతాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా కిలోలు, అక్కడి నుంచి షికాగో దాకా పీసులు అని ఉండదు. ఒకే టికెట్ అయితే హైదరాబాద్‌లోనే పీసు లెక్క మొదలవుతుంది. అమెరికా రవాణా శాఖ నిబంధన కూడా 2012 నుంచి ఇదే చెబుతోంది. ఒకే టికెట్ మీద అమెరికాకు పోయే, అమెరికా నుంచి వచ్చే ప్రయాణమంతటికీ ఒకే సామాను నియమం వర్తించాలి.

చదువుకు పోయే విద్యార్థికి ఇది లాభం. రెండు బ్యాగులు, 46 కిలోలు. కుక్కరు, పచ్చళ్లు, మసాలాలు, చలి బట్టలు, పుస్తకాలు అన్నీ ఇందులో పడతాయి. అయితే చౌక టికెట్లలో కొన్ని సంస్థలు ఒక పీసే ఇస్తున్నాయి. రెండు టికెట్ల మధ్య నాలుగైదు వేల తేడా ఉంటే, తక్కువ ధర దానికి `1PC` ఉందేమో ముందు చూడాలి. రెండో బ్యాగును విడిగా కొంటే ఆ తేడా కంటే ఎక్కువే అవుతుంది.

బ్యాగు 23 కిలోలు దాటితే పడే రుసుము కిలోల ప్రకారం ఉండదన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. 24 కిలోలైనా, 31 కిలోలైనా ఒకటే స్లాబు. అమెరికా సంస్థల్లో చాలావాటిలో ఇది 100 డాలర్ల దగ్గర ఉంటుంది. ఒక్క కిలో చింతపండు కోసం ఎనిమిది వేల రూపాయలకు పైగా పెట్టడమన్నమాట. ముందు చెప్పిన 26, 20 కిలోల బ్యాగుల్లో మూడు కిలోలు అటు నుంచి ఇటు మారిస్తే 23, 23 అవుతాయి, రుసుము మాయమవుతుంది. ఈ పని గోదావరిఖనిలో ఇంట్లోనే, చేతితో పట్టుకునే కాటాతో చేసుకోవాలి. ఇంటి కాటాకూ, విమానాశ్రయం కాటాకూ కొద్దిగా తేడా ఉండొచ్చు కాబట్టి 22 కిలోల దగ్గర ఆపడం మంచిది.

రెండు టికెట్ల ఉచ్చు

ఈ ప్రాంతపు కుటుంబాలు ఎక్కువగా నష్టపోయే వీలున్న చోటు ఇదే. అన్న దుబాయ్‌లో ఉంటాడు. అమెరికా పోయే తమ్ముడు రెండు రోజులు అన్న దగ్గర ఆగి పోదామనుకుంటాడు. హైదరాబాద్–దుబాయ్ టికెట్ ఒక తక్కువ ధర సంస్థలో, దుబాయ్–షికాగో టికెట్ ఇంకో సంస్థలో విడిగా తీస్తారు. ధర తగ్గినట్టే కనిపిస్తుంది. రెండో టికెట్ మీద 46 కిలోలు ఉన్నాయి. మొదటి టికెట్ మీద 30 కిలోలే. శంషాబాద్‌లో కౌంటర్ మీద ఉన్న మనిషి మొదటి టికెట్టే చూస్తాడు. 16 కిలోలు ఎక్కువ. కిలోకు వెయ్యి రూపాయలు అనుకుంటే 16 వేలు. టికెట్ ధరలో మిగిలింది అక్కడే పోతుంది.

ఢిల్లీ దాకానో, ముంబై దాకానో దేశీయ టికెట్ విడిగా తీసినా ఇదే కథ, ఇంకా గట్టిగా. దేశీయ విమానాల్లో ఎకానమీకి మామూలుగా 15 కిలోలే. 46లో 15 పోతే 31 కిలోలు అదనం. కిలోకు 500 అనుకున్నా 15,500 రూపాయలు. అదే ఢిల్లీ విమానాన్ని అమెరికా టికెట్‌తో కలిపి ఒకే పీఎన్ఆర్ మీద తీస్తే 46 కిలోలూ హైదరాబాద్ నుంచే వర్తిస్తాయి. అన్న దగ్గర ఆగాలనుకుంటే కూడా దారి ఉంది. ఒకే టికెట్‌లో దుబాయ్‌లో స్టాపోవర్ ఇవ్వగలరా అని సంస్థను అడగాలి, ఆ టికెట్ మీద రెండు విమానాలకూ `2PC` అని వచ్చిందో లేదో చూడాలి.

బ్రిటన్, యూరప్ అయితే లెక్క తిరగబడుతుంది

అమెరికా అనుభవంతో బ్రిటన్ టికెట్ తీసేవాళ్లు మళ్లీ పొరబడతారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా లాంటి యూరప్ సంస్థలు పీసు లెక్కనే ఇస్తాయి, కానీ యూరప్ వైపు ఎకానమీలో మామూలుగా ఒక పీసే, 23 కిలోలు. లైట్ టికెట్లలో అదీ ఉండకపోవచ్చు. గల్ఫ్ సంస్థల్లో హైదరాబాద్ నుంచి దోహా లేదా దుబాయ్ మీదుగా లండన్ పోతే కిలోల లెక్క నడుస్తుంది. టికెట్ రకాన్ని బట్టి 20 నుంచి 35 కిలోల దాకా వస్తుంది. 30 కిలోల టికెట్ దొరికితే నేరుగా పోయే విమానం కంటే ఏడు కిలోలు ఎక్కువ, బ్యాగుల విభజన కూడా మన చేతిలో ఉంటుంది. ఖతర్ ఎయిర్‌వేస్ ఒకటే అయినా, లండన్‌కు కిలోలు, న్యూయార్క్‌కు పీసులు. సంస్థ పేరు చూసి సామాను లెక్క ఊహించడం కుదరదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఏ దారికి ఏది

మొత్తంగా చూస్తే బొమ్మ స్పష్టంగానే ఉంది. గల్ఫ్‌కు పోయి వచ్చే ఒంటరి కార్మికుడికి, కలిసి ప్రయాణించే కుటుంబానికి బరువు లెక్క అనుకూలం, బ్యాగుల సంఖ్య షరతు లేకపోతే ఇంకా మేలు. ఉమ్రా దంపతులకు రెండు పీసుల టికెట్ అన్నిటికంటే ఎక్కువ ఇస్తుంది, 30 కిలోలది సరిపోతుంది, ఒక పీసుది ఇబ్బంది పెడుతుంది. అమెరికా, కెనడా విద్యార్థికి ఒకే పీఎన్ఆర్ మీద రెండు పీసులు తప్పనిసరి. బ్రిటన్ పోయేవాళ్లు 23 కిలోల ఒక పీసును గల్ఫ్ సంస్థ ఇచ్చే కిలోలతో పోల్చి చూడాలి.

సంస్థలు ఈ అంకెలను సంవత్సరంలో రెండుసార్లు కూడా మారుస్తాయని ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వ్యవహారమే చూపించింది. టికెట్ కొన్న రోజు అందులో రాసి ఉన్నదే చెల్లుతుంది కాబట్టి దాని ప్రింటు దగ్గర ఉంచుకోవాలి. కౌంటర్‌లో మాట తేడా వస్తే చూపించడానికి అదొక్కటే ఆధారం.

గోదావరిఖని నుంచి శంషాబాద్ రాజీవ్ రహదారి మీదుగా సుమారు 250 కిలోమీటర్లు. నగరంలో ఉండేవాళ్లలాగా ఎక్కువైన సామాను ఇంటికి పంపి రావడానికి వీలుండదు. అందుకే సాగనంపడానికి వచ్చినవాళ్లు బోర్డింగ్ పాసు చేతికి వచ్చిందని ఫోను వచ్చేదాకా కారు తిప్పకపోవడం మంచిది. మూడు కిలోలు ఎక్కువైతే అవి వాళ్ల చేతికి వస్తాయి. లేకపోతే చెత్తబుట్టలోకి పోతాయి, లేదా కౌంటర్ దగ్గర వేల రూపాయలవుతాయి.